బంగారం ట్రేడింగ్‌లో ‘పిప్’ తికమక: ఒకే మాట, పది రెట్ల నష్టం

టెలిగ్రామ్ గ్రూపులో ఒక సూచన వచ్చిందనుకుందాం: ‘గోల్డ్ 2,650 డాలర్ల దగ్గర కొనండి. స్టాప్‌లాస్ 2,645, అంటే 50 పిప్‌లు’. ఖాతాలో 500 డాలర్లున్న ట్రేడర్ ఒకరు అందులో 2 శాతానికి, అంటే 10 డాలర్లకు మించి నష్టపోకూడదనుకున్నారు. ఆయన లెక్కలో పిప్ అంటే ధరలో ఒక సెంటు కదలిక. 50 పిప్‌లంటే అర డాలరే కదా అని 0.20 లాట్ కొన్నారు. స్టాప్‌లాస్ మాత్రం గ్రూపులో చెప్పినట్టే 2,645 దగ్గర పెట్టారు. ధర అక్కడికి పడిపోయింది. పోయింది 10 డాలర్లు కాదు, 100 డాలర్లు. ఖాతాలో అయిదో వంతు.

ఇక్కడ మోసమేమీ లేదు. సూచన ఇచ్చినవారి లెక్కలో పిప్ అంటే పది సెంట్లు. యూరో-డాలర్ వంటి కరెన్సీ జంటల్లో పిప్ అంటే దశాంశం తర్వాత నాలుగో స్థానమని అందరూ ఒప్పుకున్నారు. బంగారం విషయంలో అలాంటి ఒప్పందం లేదు. కొందరు బ్రోకర్లకు అది 0.01, మరికొందరికి 0.10.

అందుకే పిప్‌ను పక్కనపెట్టి, ఔన్సుల్లో లెక్క వేయడమే నయం. స్పాట్ గోల్డ్ ధరను ఒక ట్రాయ్ ఔన్సుకు, అంటే సుమారు 31.1 గ్రాములకు, డాలర్లలో చెబుతారు. చాలామంది బ్రోకర్ల వద్ద ఒక లాట్ అంటే 100 ఔన్సులు. కాబట్టి 0.20 లాట్ అంటే 20 ఔన్సులు. ధర 5 డాలర్లు తగ్గితే నష్టం 5 × 20 = 100 డాలర్లు. 10 డాలర్లకే పరిమితం కావాలంటే కొనాల్సింది 2 ఔన్సులు, అంటే 0.02 లాట్.

అయితే 100 ఔన్సుల లెక్క అన్ని ఖాతాలకూ వర్తించదు. మెటాట్రేడర్‌లో XAUUSD మీద రైట్‌క్లిక్ చేసి Specification తెరిస్తే, Contract size అన్న చోట అసలు సంఖ్య కనిపిస్తుంది. దాన్ని సరిచూసుకోవడానికి డెమో ఖాతాలో 0.01 లాట్ కొంటే చాలు. ధర ఒక డాలరు కదిలినప్పుడు లాభనష్టాల్లోనూ ఒక డాలరే మారితే, లాట్ 100 ఔన్సులదే.

భారత్‌లో ఉన్నవారికి మరో చిక్కుంది. అనుమతి లేని విదేశీ వేదికల్లో ఫారెక్స్ ట్రేడింగ్ చేయడం, వాటికి మార్జిన్ సొమ్ము పంపడం ఫెమా నిబంధనలకు విరుద్ధం. అలాంటి వేదికల పేర్లతో రిజర్వ్ బ్యాంక్ 2022 నుంచి హెచ్చరిక జాబితా వెలువరిస్తోంది. ఇక్కడ చట్టబద్ధమైన దారి ఎంసీఎక్స్ ఫ్యూచర్స్. అక్కడ పిప్ గొడవే లేదు. గోల్డ్ మినీ లాట్ 100 గ్రాములు, ధర 10 గ్రాములకు చెబుతారు. ధర ఒక రూపాయి కదిలితే లాట్‌కు 10 రూపాయల తేడా.