పాత స్లాబు కంకరకు దాహమెక్కువ, ఎందుకు?

గోదావరి డెల్టాలో తవ్వితే ఒండ్రుమట్టే. కంకర మెట్ట క్వారీల నుంచి లారీల్లో రావాలి. మరి అమలాపురంలో కూల్చిన స్లాబునే పగలగొట్టి వాడొచ్చు కదా?

వాడొచ్చు. కానీ ఒక ముక్క తీసి చూడండి: నల్లరాయికి పాత సిమెంటు బూడిదరంగులో అంటుకుని ఉంటుంది. దాని నిండా సన్నని రంధ్రాలు. కిలో పొడి కంకరను రోజంతా నానబెట్టి, పైతడి తుడిచి తూచండి. 1,050 గ్రాములుంటే 5 శాతం నీరు పీల్చినట్టు. మంచి నల్లరాయి 1 శాతం దగ్గరే ఆగుతుంది.

ఈ కంకరను పొడిగా కలిపితే మాల్‌లోని నీళ్లు లాగేస్తుంది. మాల్ గట్టిపడిందని మేస్త్రీ ఇంకాస్త నీళ్లు పోస్తే బలం పోతుంది. అందుకే ముందే తడపాలి.

2016 నాటి ఐఎస్ 383 ప్రకారం పునాది కింద పరిచే పల్చని బెడ్ కాంక్రీటులో మొత్తం ఇదే వాడొచ్చు. ఊచలుండే స్లాబులో 20 శాతమే, అదీ ఎం25 వరకే. అంతర్వేది వంటి సముద్రతీరపు శిథిలాల్లో ఉప్పు ఉండొచ్చు. అది ఊచలకు తుప్పు పట్టిస్తుంది కనుక, పరీక్ష చేయించని కంకరను స్లాబులో వేయకూడదు.