గాలి ధార ఎంత వేడిని లాగుతుంది?

వేడెక్కిన లోహపు బిళ్ళ మీదికి నాజిల్ నుంచి గాలిని నిటారుగా కొట్టిస్తే, అది మధ్యలో తగిలి అన్ని వైపులా పరుచుకుంటుంది. బిళ్ళను అంటిపెట్టుకుని ఉండే వేడి గాలి పొర ధార తగిలిన చోట బాగా పలచబడుతుంది. అందుకే చల్లదనం నడుమ ఎక్కువ, అంచుల వైపు తక్కువ. గాజును గట్టిపరిచే కర్మాగారాల్లో ఇలాంటి ధారలనే బారులుగా వాడతారు.

మొత్తం బిళ్ళకు సగటు ఉష్ణ బదిలీ గుణకం, అంటే h, ఎంతో అంచనా వేయడానికి జర్మన్ ఇంజనీరు హోల్గర్ మార్టిన్ 1977లో ప్రచురించిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒకే గుండ్రటి నాజిల్‌కు అది ఇలా ఉంటుంది:

```
Nu = G · F · Pr^0.42
G = (D/r)(1 − 1.1 D/r) / [1 + 0.1(H/D − 6)(D/r)]
F = 2 Re^0.5 (1 + 0.005 Re^0.55)^0.5
h = Nu · k / D
```

ఇందులో D నాజిల్ వ్యాసం, H నాజిల్‌కూ బిళ్ళకూ మధ్య దూరం, r బిళ్ళ వ్యాసార్ధం, k గాలి ఉష్ణ వాహకత. Re అనే రేనాల్డ్స్ సంఖ్య గాలి వేగాన్ని, Pr అనే ప్రాంటిల్ సంఖ్య గాలి స్వభావాన్ని లెక్కలోకి తెస్తాయి.

నాజిల్ వ్యాసం 10 మి.మీ., దూరం 60 మి.మీ., బిళ్ళ వ్యాసార్ధం 50 మి.మీ., గాలి వేగం సెకనుకు 40 మీటర్లు అనుకుందాం. గాలి 30, బిళ్ళ 110 డిగ్రీల సెల్సియస్. గాలి గుణాలను ఈ రెండింటి సగటైన 70 డిగ్రీల దగ్గర తీసుకోవాలి. అక్కడ Re సుమారు 20,000, Pr 0.70, k 0.0295. వీటితో G 0.156, F 416 వస్తాయి. Nu దాదాపు 56. దాన్నిబట్టి h చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీకి 165 వాట్లు. బిళ్ళ వైశాల్యం 0.00785 చదరపు మీటర్లు, ఉష్ణోగ్రతల తేడా 80 డిగ్రీలు. మూడింటినీ గుణిస్తే ధార లాగే వేడి సుమారు 104 వాట్లు.

వేగాన్ని రెట్టింపు చేసినా h రెట్టింపు కాదు, సుమారు 260కి చేరుతుంది. అదే నాజిల్ కింద 75 మి.మీ. వ్యాసార్ధమున్న బిళ్ళను పెడితే సగటు 120కి దిగుతుంది. ధార దూరం వెళ్ళేకొద్దీ నీరసించడమే దీనికి కారణం.

తరచుగా జరిగే పొరపాటు చివరి మెట్టులో D బదులు బిళ్ళ వ్యాసాన్ని వేయడం. అప్పుడు h 16 దగ్గరకు పడిపోతుంది. ఇంత వేగంగా కొట్టే ధారకు ఈ అంకె మరీ తక్కువ కనుక తప్పు జరిగిందని పోల్చుకోవచ్చు.

Re 2,000 నుంచి 4,00,000 వరకు, H/D 2 నుంచి 12 వరకు, r/D 2.5 నుంచి 7.5 వరకు ఉన్నప్పుడే ఈ సూత్రం చెల్లుతుంది. ధార చుట్టూ ఉన్న గాలి అంతకంటే వేడిగా ఉంటే, అది దారిలోనే ధారలో కలిసి ఫలితాన్ని తగ్గిస్తుంది. కాబట్టి వచ్చిన అంకెను అంచనాగానే తీసుకుని, డిజైన్‌లో కొంత వెసులుబాటు ఉంచుకోవాలి.