రిటర్న్ గడువు దాటినా హక్కు పోదు

ఖమ్మంలో ఒకావిడ ఆన్‌లైన్‌లో 4,200 రూపాయలకు మిక్సీ తెప్పించుకున్నారనుకుందాం. యాప్‌లో ‘7 రోజుల్లో రీప్లేస్‌మెంట్’ అని ఉంది. పదో రోజు దోసెల పిండి రుబ్బుతుంటే కాలిన వాసన వచ్చి మోటారు ఆగిపోయింది. చూస్తే యాప్‌లో రిటర్న్ బటన్ లేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ‘గడువు అయిపోయిందండీ, మేమేం చేయలేం’ అన్నారు. చాలామంది ఇక్కడే ఆశ వదులుకుంటారు.

ఆ ఏడు రోజులు అమ్మేవాళ్లు పెట్టుకున్న గడువు. రంగు నచ్చకో, మనసు మారో తిప్పి పంపాలంటే అదే లెక్క. అలాంటి వాటిని వెనక్కి తీసుకోవాలని చట్టం ఎవరినీ బలవంతపెట్టదు. లోపమున్న వస్తువు సంగతి వేరు. దాన్ని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. వాపసు గడువు బిల్లులో రాయకపోతే 30 రోజులుగా లెక్కించాలన్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం మాట.

దీనికి తోడు కంపెనీ వారంటీ ఉంటుంది. సర్వీస్ సెంటర్‌లో మొదట అడిగేది బిల్లే. ‘ఆర్డర్ డెలివర్ అయింది’ అన్న మెసేజ్ బిల్లు కాదు. యాప్‌లోని ఇన్‌వాయిస్‌ను వస్తువు అందిన రోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. అందులో అమ్మినవారి పేరు, తేదీ, మోడల్ ఉన్నాయో లేదో చూడాలి. ఆ అమ్మకందారు తరచూ యాప్ సంస్థ కాకుండా వేరే ఊరి వ్యాపారి అయి ఉంటాడు. మిక్సీ అడుగున ఉండే సీరియల్ నంబరును ఫొటో తీసుకుంటే మరీ మంచిది. రిపేరుకు ఇచ్చినప్పుడు జాబ్ షీట్ తప్పక అడిగి తీసుకోవాలి. లోపం ఏ తేదీన బయటపడిందో చెప్పే సాక్ష్యం అదే.

అప్పటికీ పని కాకపోతే యాప్‌లో ఇచ్చిన గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆయన 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఫోన్ సంభాషణకు ఆనవాలు మిగలదు కాబట్టి ఈమెయిలే మేలు. తర్వాతి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వాళ్లు కంపెనీతో మాట్లాడి రాజీ కుదర్చడానికి చూస్తారు, తీర్పు మాత్రం ఇవ్వలేరు.

తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే కేసు వేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా ఖమ్మం ఆవిడ ఖమ్మంలోనే వేయవచ్చు. కొన్నవారు నివసించే చోటు చాలని 2019 చట్టం తెచ్చిన మార్పు ఇది, దూరం చూసి వెనకాడే వాళ్లకు పెద్ద ఊరట. వివాదం మొదలైన రెండేళ్లలోగా వేయాలి. ప్రతివాదులుగా ఇన్‌వాయిస్‌లోని అమ్మకందారును, యాప్ సంస్థను, తయారీ కంపెనీని ముగ్గురినీ చేర్చడం మంచిది. లేకపోతే ఒకరి తప్పును మరొకరిపైకి నెట్టుకుంటూ కాలం గడిపేస్తారు.