హాస్టల్ గదిలో బతుకమ్మ: గోడకు మేకు కొట్టకుండా, నిప్పు ముట్టించకుండా



తెలంగాణలో దసరాకు బడులకు, కాలేజీలకు చాలా రోజుల సెలవులుంటాయి. మన మహారాష్ట్రలో పెద్ద సెలవులు దీపావళికి ఇస్తారు. దసరాకు ఆ ఒక్క రోజే. అందుకే మన బడిలో పది చదివి నాందేడ్, పుణె వెళ్లిన పిల్లలు సద్దుల బతుకమ్మ నాడు ఇంట్లో ఉండరు, హాస్టల్ గదిలో ఉంటారు. గదికి నాలుగు మంచాలు, ఒక కిటికీ, ఒక టేబుల్. మేకు కొట్టొద్దు, దీపం పెట్టొద్దు, ప్లగ్గులో కొత్త వైరు పెట్టొద్దు అని గోడ మీద రాసి ఉంటుంది.

మన పూర్వ విద్యార్థినులు నలుగురు నాందేడ్‌లో ఒకే గదిలో ఉంటారు. మొదటి ఏడాది వాళ్లు రంగు కాగితాలను టేపుతో గోడకు అంటించారు, నేల మీద రంగుల ముగ్గు వేశారు. మర్నాడు టేపు పీకితే సున్నం పెచ్చులుగా ఊడొచ్చింది. ఫ్యాను గాలికి రంగుపొడి లేచి పరుపుల మీద పడింది. డిపాజిట్‌లోంచి డబ్బులు కోశారు. "సార్, పండుగ చేసుకుంటే జుర్మానా కట్టినట్టయింది" అని ఒక అమ్మాయి ఫోన్‌లో బాధపడింది. రెండో ఏడాది అదే గదిలో, అవే నియమాలతో, తొంభై రూపాయల్లో పండుగ చేసుకున్నారు. ఈసారి గోడనూ నేలనూ ముట్టుకోలేదు. అలంకారమంతా కిటికీ ఊచలకు, టేబుల్‌కు, ఒక అట్టకు పెట్టారు. అది ఎలాగో రాస్తున్నాను.

ముందుగా అనుమతి. పండుగకు నాలుగు రోజుల ముందే వార్డెన్ మేడంకు ఒక చీటీ ఇచ్చారు. ఏం పెడతామో, ఎక్కడ పెడతామో, ఏ రోజు సాయంత్రం తీసేస్తామో మూడు వాక్యాల్లో రాశారు. దీపం, కరెంటు వాడబోమని కింద రాసి నలుగురూ సంతకం పెట్టారు. నోటిమాటగా అడిగితే "చూద్దాం" అంటారు. తీసే రోజు కూడా కనిపించే కాగితానికి "సరే" అనడం వాళ్లకూ సులువు.

తోరణం కిటికీకే కట్టండి. ఊచలు ఉంటాయి గనుక మేకు అక్కర్లేదు. తలుపుకు అడ్డంగా మాత్రం దారం కట్టొద్దు. రాత్రిపూట ఏదైనా అయి అందరూ బయటికి పరుగెత్తాల్సి వస్తే కాళ్లకో మెడకో తగులుతుంది. కిటికీ నాలుగు అడుగుల వెడల్పుంటే ఆరు అడుగుల దారం తీసుకోండి. కొంచెం వేలాడాలి, రెండు చివర్లా ముడి పడాలి. నాలుగు అంగుళాలకొక మామిడాకు చొప్పున పదమూడు ఆకులు చాలు. ఆకు తొడిమ వైపు దారం మీదికి మడిచి, చీపురు పుల్ల ముక్క గుచ్చితే నిలుస్తుంది. స్టేప్లర్ పిన్నులు వద్దు. అవి ఊడి పరుపులో పడితే రాత్రి గుచ్చుకునేది మీకే.

ఇక బతుకమ్మ. ఇంట్లో తాంబాళం మీద నడుమెత్తున పేరుస్తాం. గదిలో భోజనం ప్లేటు చాలు. తొమ్మిది అంగుళాల ప్లేటు అంచు చుట్టుకొలత దాదాపు ఇరవై ఎనిమిది అంగుళాలు. రెండు అంగుళాల బంతిపూలైతే మొదటి వరుసకు పద్నాలుగు పడతాయి. పైకి పోతున్న కొద్దీ వరుస సన్నబడాలి. రెండో దానికి పదకొండు, మూడో దానికి ఎనిమిది, నాలుగో దానికి అయిదు. మొత్తం ముప్పై ఎనిమిది పూలు. జానెడు ఎత్తు వస్తుంది.

అన్నీ కొననక్కర్లేదు. తంగేడు, గునుగు రోడ్ల పక్కన, చేల గట్ల మీద ఊరికే దొరుకుతాయి. అడిగేటప్పుడు మాత్రం మరాఠీ పేరుతో అడగండి. తంగేడును ఇక్కడ తరవడ అంటారు, గునుగును కుర్డూ, బంతిని ఝేండూ. ఈ పిల్లలు మొదటి రోజు "తంగేడు ఎక్కడ?" అని తిరిగి ఒట్టి చేతులతో వచ్చారట. మర్నాడు "తరవడ" అనగానే గదిలోని మరాఠీ అమ్మాయే తీసుకెళ్లి చూపించింది.

ప్లేటులో గుమ్మడాకు పరవండి. అది దొరక్కపోతే ఏదైనా వెడల్పాటి ఆకు. పూల కాడలు లోపలికి, ముఖాలు బయటికి ఉండేలా అంచున వరుసగా పెట్టండి. ప్రతి వరుస అయ్యాక నడిమి ఖాళీలో తుంచిన ఆకులు, కాడలు వేసి చేత్తో అదమాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నడుమ గుల్లగా ఉంటే మూడో వరుసకల్లా పూలు లోపలికి కుంగుతాయి, బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిందని పైన పూలు సర్దితే లాభం లేదు. ఆ వరుస తీసేసి కింద గట్టిగా నింపాలి. తంగేడు పూలు చిన్నవి, విడిగా నిలవవు. పిడికెడు పిడికెడు కట్టలుగా దారంతో కట్టి పెట్టండి. పైన పసుపు గౌరమ్మ. ప్లేటు కింద పాత పేపరు వేయడం మరవొద్దు. టేబుల్‌కు పసుపు మరక పడితే పోదు.

ముగ్గు నేల మీద కాదు, అట్ట మీద. కిరాణా దుకాణంలో ఖాళీ డబ్బా అడిగితే ఇస్తారు. దాన్ని రెండడుగుల చదరంగా కోసి, సుద్దముక్కను నీళ్లలో ముంచి ముగ్గు గీయండి. తడిమీద పల్చగా కనిపిస్తుంది గానీ, ఆరాక తెల్లగా తేలుతుంది, గాలికి లేవదు. బియ్యప్పిండి వాకిట్లో మంచిదే, గదిలో వేస్తే రాత్రికి చీమలు మంచాలెక్కుతాయి.

వెలుగు కావాలంటే ఫోన్ టార్చి వెలిగించి పైకి పెట్టండి. దాని మీద నీళ్లు నింపిన తెల్ల సీసా నిలబెడితే వెలుగు చుట్టూ పరుచుకుంటుంది. చిటికెడు పసుపు కలిపితే దీపం రంగు వస్తుంది. మూత గట్టిగా బిగించండి, నీళ్లు కారితే ఫోన్ పోతుంది.

తీసేయడం కూడా పండుగలో భాగమే. బంతిపూలు మూడో రోజుకు మెత్తబడి వాసన వస్తాయి. అదే సాయంత్రమో మర్నాడో తీసేయండి. బేసిన్‌లోనో బాత్‌రూంలోనో మాత్రం నిమజ్జనం చేయొద్దు, కాడలు పైపులో ఇరుక్కుంటాయి. ఈ పిల్లలు బకెట్‌లో నీళ్లు పోసి, పూలు అందులో వదిలి, తర్వాత ఆ నీళ్లు, పూలు హాస్టల్ వేపచెట్టు మొదట్లో పోశారు.

వాళ్ల ఖర్చు ఇదీ: అరకిలో బంతి నలభై, కొన్ని చామంతులు ముప్పై, దారం పది, పసుపు పది. తలా ఇరవై రెండున్నర రూపాయలు. మామిడాకులు, తంగేడు, గునుగు, అట్ట ఊరికే వచ్చాయి. సుద్దముక్కలు కాలేజీవి, అడిగే తెచ్చుకున్నారు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలకు పూలు పార్సిల్ పంపకండి, దారిలోనే వాడిపోతాయి. మీ అమ్మాయికి ఈ ఏడాది ఇంట్లో ఒక చిన్న ప్లేటు మీద బతుకమ్మ పేర్చడం నేర్పండి. నడుమ ఎంత గట్టిగా నింపాలో చేతికి తెలియాలి, రాత ద్వారా చెప్పలేం. ఆ నలుగురిలో ముగ్గురికి అది రాదు. నాలుగో అమ్మాయికి వాళ్ల నాయనమ్మ నేర్పింది కాబట్టే ఆ గదిలో బతుకమ్మ నిలబడింది.

– ప్రధానోపాధ్యాయుడు