వాన పడి సభ వాయిదా పడితే టికెట్ డబ్బు సంగతేమిటి?

2023 మే 28 రాత్రి అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో ఐపీఎల్ ఫైనల్ చూడాలని వచ్చినవాళ్లు వానలో తడిసి ముద్దయ్యారు. ఒక్క బంతి కూడా పడలేదు. ఆట మర్నాటికి వాయిదా పడింది. ఆ రాత్రి వెలువడిన ప్రకటన చాలా చిన్నది. మే 29న సాయంత్రం ఏడున్నరకు, ఇదే స్టేడియంలో ఆట ఉంటుంది, ఈరోజు టికెట్లే రేపూ చెల్లుతాయి, కాగితం టికెట్లను చిరక్కుండా భద్రంగా ఉంచుకోండి అని చెప్పింది. తడి బట్టలతో గేటు దగ్గర నిలబడ్డ మనిషికి ఆ క్షణంలో కావలసింది అదే. చేతిలో ఉన్న కాగితాన్ని పారేయాలా, దాచుకోవాలా?

ఫైనల్‌కు రిజర్వ్ డే ఉండబట్టి అంత త్వరగా తేదీ చెప్పగలిగారు. మన ఊళ్లలో మైదానంలో పాటకచేరీయో, నాటకోత్సవమో పెట్టేవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. అందుకే వాళ్ల ప్రకటనలు తరచుగా ఇలా ఉంటాయి: “అనివార్య కారణాల వల్ల కార్యక్రమం వాయిదా పడింది. తదుపరి తేదీ త్వరలో తెలియజేస్తాం. అసౌకర్యానికి చింతిస్తున్నాం.” ఇందులో కారణం లేదు, తేదీ లేదు, డబ్బు ఊసే లేదు. ఇలాంటి ప్రకటన చదివాక టికెట్ కొన్నవాడు చేసే మొదటి పని నిర్వాహకులకు ఫోన్ చేయడం. ఫోన్ ఎత్తేవాళ్లు లేకపోతే అనుమానం మొదలవుతుంది.

హనుమకొండలో సెప్టెంబర్ 20, శనివారం సాయంత్రం ఒక సంగీత విభావరి పెట్టారనుకుందాం. టికెట్ 500 రూపాయలు. గురువారం నాటికి వాతావరణ శాఖ ఆ జిల్లాకు ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చింది. చాలామంది శనివారం మధ్యాహ్నం దాకా ఆకాశం వంక చూస్తూ కూర్చుంటారు. అది పొరపాటు. కరీంనగర్ నుంచి, ఖమ్మం నుంచి రావలసినవాళ్లు అప్పటికే బస్సెక్కి ఉంటారు. పైగా వాన శనివారం తెరిపిచ్చినా మైదానం ఆరదు. వేదిక కింద బురద, నేల మీద పరిచిన కరెంటు తీగలు, జనరేటర్ పక్కన నిలిచిన నీళ్లు జనం ప్రాణాలకే ముప్పు. కాబట్టి శుక్రవారం ఉదయానికల్లా నిర్ణయం తీసుకుని చెప్పేయాలి.

ఇక కొత్త తేదీ. తొందరలో వచ్చే శనివారమే అనేస్తారు. వానాకాలం ఇంకా పోలేదు కనుక రెండోసారీ వాయిదా పడవచ్చు. రెండోసారి వాయిదా వేస్తే జనం నమ్మరు. నైరుతి రుతుపవనాలు తెలంగాణ నుంచి మామూలుగా అక్టోబర్ మధ్యకు వెనక్కి మళ్లుతాయి. అందువల్ల నవంబర్ 15 లాంటి శనివారం మేలు. అయితే ప్రకటించే ముందు మూడు చోట్ల అడగాలి. గాయకుడికి ఆరోజు ఖాళీ ఉందా? మైదానం దొరుకుతుందా? పోలీసు అనుమతి, మైకు అనుమతి మళ్లీ ఇస్తారా? పాత అనుమతి పాత తేదీకే. ఈ మూడూ తేలకుండా తేదీ వేయకూడదు. తేలకపోతే “కొత్త తేదీని సెప్టెంబర్ 30 లోపు చెబుతాం” అని రాయడం నిజాయితీ.

ఇవన్నీ కుదిరాక ప్రకటన ఇలా రాయవచ్చు:

“భారీ వర్ష సూచన కారణంగా సెప్టెంబర్ 20న జరగవలసిన సంగీత విభావరిని నవంబర్ 15, శనివారం సాయంత్రం 6 గంటలకు వాయిదా వేశాం. వేదిక మారలేదు. మీ దగ్గరున్న టికెట్టే చెల్లుతుంది, మళ్లీ కొననక్కర్లేదు. ఆ రోజు రాలేనివారు అక్టోబర్ 10 లోపు డబ్బు వాపసు అడగవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్నవారికి బుకింగ్ రుసుముతో సహా, చెల్లించిన ఖాతాకే పడుతుంది. కౌంటర్‌లో కొన్నవారు టికెట్ తెచ్చి అదే కౌంటర్‌లో నగదు తీసుకోవచ్చు.”

ఇందులో బుకింగ్ రుసుము మాట ఊరికే పెట్టలేదు. ఎక్కువ గొడవలు అక్కడే వస్తాయి. రెండు టికెట్లకు 1,000 రూపాయలు, బుకింగ్ రుసుము 70 కలిపి 1,070 కట్టినవాడు “పూర్తి వాపసు” అని చదివి 1,070 కోసం ఎదురుచూస్తాడు. ఖాతాలో 1,000 పడితే మోసపోయాననుకుంటాడు. రుసుము ఇవ్వకపోతే ఇవ్వమని ముందే చెప్పాలి. నన్నడిగితే ఇవ్వడమే న్యాయం, వాయిదా వేసింది అతను కాదు కదా.

సమ్మె సంగతి వేరు. ఒక్కరోజు బంద్ అయితే మరో తేదీ వేయడం కష్టం కాదు. కానీ సమ్మెకు ముగింపు తేదీ ఎవరి దగ్గరా ఉండదు. 2019 అక్టోబర్ 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. అలాంటప్పుడు “సమ్మె ముగిశాక” అని రాసి డబ్బు పట్టుకుని కూర్చోవడం తగదు. తేదీ తర్వాత చెప్పినా, వాపసు మాత్రం ఆ రోజు నుంచే తెరిచి ఉంచాలి.

కార్యక్రమం మొదలయ్యాక వాన వస్తే ఏం చేయాలన్నది ఇంకో చిక్కు. క్రికెట్‌లో మామూలుగా ఒక్క బంతి పడితే టికెట్ డబ్బు తిరిగి రాదు. ఉప్పల్‌లో 2024 మే 16న హైదరాబాద్, గుజరాత్ ఆట ఒక్క బంతీ పడకుండా రద్దయింది. 2025 మే 5న అదే మైదానంలో ఢిల్లీ 20 ఓవర్లు ఆడి 133 పరుగులు చేశాక వాన వచ్చి, హైదరాబాద్ బ్యాటింగే చేయలేదు. ప్రేక్షకుడికి రెండూ నిరాశే, నిబంధన లెక్కలో మాత్రం ఆ రెండూ వేరు. కచేరీ నిర్వాహకులు కూడా ఎంతసేపు జరిగితే జరిగినట్టు లెక్కో టికెట్ అమ్మేటప్పుడే రాయాలి. వాన మొదలయ్యాక పెట్టే నిబంధనను ఎవరూ ఒప్పుకోరు.

చట్టం ఏమంటుంది? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సేవను ఉపసంహరించుకుని రసీదులో చెప్పిన గడువులో, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లో, సొమ్ము తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. వాన నిర్వాహకుడి తప్పు కాదు, నిజమే. జరగని కార్యక్రమానికి డబ్బు ఉంచుకోవడం మాత్రం అతని నిర్ణయం. “డబ్బు వాపసు లేదు” అని టికెట్ మీద అచ్చువేసినా దాన్ని కమిషన్‌లో ప్రశ్నించవచ్చు. ముందుగా నిర్వాహకులకు, టికెట్ అమ్మిన సంస్థకు రాతపూర్వకంగా అడగండి, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది.

ఇటీవల ఇంకో బెడద మొదలైంది. వాయిదా వార్త బయటికి రాగానే “మీ రీఫండ్ కోసం ఈ లింకు నొక్కండి” అంటూ మోసగాళ్లు సందేశాలు పంపుతున్నారు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ అడిగారంటే మన డబ్బు లాగుతున్నారని అర్థం. నిర్వాహకులు తమ ప్రకటనలోనే “మేము పిన్ గానీ ఓటీపీ గానీ అడగం” అని ఒక వాక్యం కలిపితే చాలామంది బయటపడతారు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. వాపసు చేతికి అందేదాకా టికెట్టు, చెల్లింపు సందేశం, వాయిదా ప్రకటన ఫొటో మూడూ దాచి ఉంచుకోండి.