పోర్ట్రెయిట్‌లో కళ్లకు మాత్రమే షార్ప్‌నెస్ ఇవ్వాలంటే...

ఫోన్‌తో తీసిన పోర్ట్రెయిట్ కాస్త మెత్తగా వచ్చిందని ఫొటో మొత్తానికీ షార్ప్‌నెస్ పెంచితే ముందు బయటపడేది చర్మం మీది మచ్చలు, నాయిసే. చూసేవాళ్ల చూపు వెళ్లేది కళ్ల మీదికి. అవి స్పష్టంగా ఉంటే ముఖమంతా ఫోకస్‌లో ఉన్నట్టే అనిపిస్తుంది.

12 మెగాపిక్సెల్ ఫొటోలో సగం వరకు ముఖమే ఉందనుకుందాం. ఫొటోషాప్‌లో Ctrl+J నొక్కి లేయర్ కాపీ చేసి, Filter > Other > High Pass తెరవండి. తెరంతా బూడిద రంగులోకి మారుతుంది. రెప్పవెంట్రుకల అంచులు సన్నగా కనిపించే దాకా Radius పెంచండి. ఇలాంటి ఫొటోకు 2 పిక్సెల్స్‌తో మొదలుపెట్టొచ్చు. తర్వాత లేయర్‌ను Overlay మోడ్‌లో పెట్టండి. ఆ మోడ్‌లో మధ్యస్థ బూడిద రంగు కింది ఫొటోను మార్చదు కాబట్టి అంచులు మాత్రమే పదునెక్కుతాయి.

ఇప్పుడు Alt నొక్కి మాస్క్ ఐకాన్ క్లిక్ చేస్తే నల్ల మాస్క్ వచ్చి ఎఫెక్ట్ అంతా దాక్కుంటుంది. మెత్తని తెల్ల బ్రష్‌తో నల్లగుడ్డు, రెప్పవెంట్రుకలు, కనుబొమల మీద మాత్రమే రుద్దండి. తెల్లగుడ్డు జోలికి వెళ్లొద్దు, ఎర్ర నరాలు తేలతాయి. కనుబొమలకు బ్రష్ Opacity సగం చాలు, లేదంటే పెన్సిల్‌తో గీసినట్టుంటాయి.

జూమ్ 100 శాతంలో పెట్టి చూడండి. వెంట్రుకల పక్కన తెల్లని గీత కనిపిస్తే Radius ఎక్కువైనట్టే, తగ్గించి మళ్లీ చేయాలి. ఫోకస్ చెవి మీద పడినా, చెయ్యి కదిలినా ఈ పద్ధతి పనిచేయదు. కెమెరాకు అందని వివరాన్ని హై పాస్ తెచ్చివ్వలేదు. అలాంటప్పుడు అదే సమయంలో తీసిన ఇంకో షాట్ వెతుక్కోవడమే.