కీ వదిలే క్షణానికి ఖరీదెంత?

వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటల్లో పరిగెడుతూ తుపాకీ పేలిస్తే తూటా గురి తప్పుతుంది. ఆట నియమమే అది. కాబట్టి అనుభవమున్న ఆటగాడు గోడ చాటు నుంచి పక్కకి జరుగుతాడు, ఠక్కున ఆగుతాడు, అప్పుడు కాలుస్తాడు. ఎంత త్వరగా కదిలాడన్న దానికంటే ఎంత త్వరగా ఆగాడన్నదే అక్కడ ముఖ్యం. ఇప్పుడు ఆటగాళ్లంతా మాట్లాడుకుంటున్న మాగ్నెటిక్ కీబోర్డులకు, వాటిలోని ‘ర్యాపిడ్ ట్రిగ్గర్’కు గిరాకీ పుట్టింది సరిగ్గా ఈ ఆగడం దగ్గరే.

మామూలు మెకానికల్ స్విచ్‌లో రెండు లోహపు రేకులుంటాయి. కీ కొంత లోతుకు దిగాక అవి తాకుతాయి, అక్షరం పడుతుంది. చాలామందికి తెలిసిన చెర్రీ ఎంఎక్స్ రెడ్ స్విచ్‌లో కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగితే, నొక్కు నమోదయ్యేది 2 మిల్లీమీటర్ల దగ్గర. దీన్నే యాక్చుయేషన్ పాయింట్ అంటారు. ఫ్యాక్టరీలో పెట్టిన ఆ చోటు ఇక మారదు. రేకులు తాకేటప్పుడు కొద్దిగా అదురుతాయి కాబట్టి, ఒక్క నొక్కును రెండుగా లెక్కపెట్టకుండా కీబోర్డు కొన్ని మిల్లీసెకన్లు ఆగి చూసుకుంటుంది కూడా.

మాగ్నెటిక్ స్విచ్‌లో ఈ రేకులే ఉండవు. కీ కింది కాడలో చిన్న అయస్కాంతం, దాని కింద సర్క్యూట్ బోర్డు మీద హాల్ సెన్సర్ ఉంటాయి. విద్యుత్తు పారుతున్న పలుచని పదార్థానికి అయస్కాంతాన్ని దగ్గరగా తెస్తే, ఆ విద్యుత్తుకు అడ్డంగా చిన్న వోల్టేజీ పుడుతుంది. 1879లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ బంగారు రేకు మీద దీన్ని కనిపెట్టాడు. కీ దిగేకొద్దీ అయస్కాంతం సెన్సర్‌కు దగ్గరై వోల్టేజీ మారుతుంది. దాన్ని చూసి కీ ఎంత లోతులో ఉందో కీబోర్డులోని చిప్ క్షణక్షణం లెక్కగడుతుంది. మెకానికల్ స్విచ్ లైటు స్విచ్ లాంటిదైతే, ఇది ఫ్యాను రెగ్యులేటర్ లాంటిది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1960ల చివరికే హనీవెల్ సంస్థ హాల్ సెన్సర్లతో కీబోర్డులు తయారుచేసింది. రేకులు లేవు కాబట్టి అరుగుదల లేదు, తాకిడి చోట దుమ్ము పట్టే బెడదా లేదు. అప్పట్లో వీటి ఆకర్షణ మన్నికే. ఆటల లోకంలో వీటికి పేరు తెచ్చినవాటిలో నెదర్లాండ్స్‌కు చెందిన వూటింగ్ సంస్థ ముఖ్యమైనది.

కీ లోతు ఎప్పటికప్పుడు తెలుస్తుంటే రెండు పనులు చేయవచ్చు. మొదటిది, యాక్చుయేషన్ పాయింట్‌ను సాఫ్ట్‌వేర్‌లో మన ఇష్టానికి మార్చుకోవడం. వేలు అలా ఆనగానే పడేలా 0.5 మిల్లీమీటరు దగ్గరైనా, గట్టిగా నొక్కితేగాని పడకుండా 3 మిల్లీమీటర్ల దగ్గరైనా పెట్టుకోవచ్చు. రెండోది ర్యాపిడ్ ట్రిగ్గర్. దీన్ని ఆన్ చేశాక కీ ఏ లోతులో ఉందన్నది పెద్దగా లెక్కలోకి రాదు, ఎటు కదులుతోందన్నదే లెక్క. కిందికి కదిలితే నొక్కినట్టు, మనం పెట్టిన కొలత మేరకు పైకి లేస్తే వదిలినట్టు.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో చూద్దాం. ఎడమకు జరగడానికి ఆటగాడు ‘ఏ’ కీని అడుగంటా నొక్కి ఉంచాడు. ఆగడానికి వేలెత్తాడు. వేలు సెకనుకు 100 మిల్లీమీటర్ల వేగంతో లేస్తోందనుకుందాం. మెకానికల్ స్విచ్‌లో కీ 4 మిల్లీమీటర్ల లోతు నుంచి 2 మిల్లీమీటర్ల పైకి వచ్చాకే వదిలినట్టు తెలుస్తుంది, అంటే సుమారు 20 మిల్లీసెకన్లు. ర్యాపిడ్ ట్రిగ్గర్ కొలత 0.2 మిల్లీమీటరు పెట్టి ఉంటే 2 మిల్లీసెకన్లు చాలు. మిగిలింది దాదాపు 18 మిల్లీసెకన్లు. వాలొరెంట్ సర్వర్ సెకనుకు 128 సార్లు లెక్క చూసుకుంటుంది, ఒక్కో లెక్కకు మధ్య ఎడం 8 మిల్లీసెకన్ల లోపు. అంటే ఆటగాడు రెండు లెక్కల ముందే ఆగగలుగుతున్నాడు.

మనిషి కంటితో చూసి క్లిక్ చేయడానికే సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. దానిముందు 18 చిన్నదే. ఇద్దరూ సమ ఉజ్జీలై, ఎవరు ముందు కాల్చారన్నదే ఫలితాన్ని తేల్చే చోట మాత్రమే అది పనికొస్తుంది. గురి ఇంకా కుదరనివాడికి, ఎక్కడ నిలబడాలో తెలియనివాడికి దానితో ఒరిగేదేమీ లేదు. పైగా ఈ లెక్క కీని అడుగంటా నొక్కేవాళ్ల విషయంలోనే పూర్తిగా నిజం. సగం దాకా నొక్కి వదిలే అలవాటున్నవారికి తేడా ఇంకా తగ్గుతుంది.

ర్యాపిడ్ ట్రిగ్గర్‌తో బాగా లాభపడే మరో వర్గం ‘ఓసు!’ లాంటి లయ ఆటలు ఆడేవాళ్లు. అందులో ఒకే కీని గబగబా మళ్లీ మళ్లీ కొట్టాలి. ప్రతిసారీ కీని పైదాకా లేపాల్సిన పని లేకుండా, అడుగునే చిన్నగా ఆడిస్తే సరిపోతుంది. కారు పందేల ఆటల్లో లాభం వేరే రకం. కీ లోతును అలాగే తీసుకునే సౌకర్యం ఆటలోనూ కీబోర్డులోనూ ఉంటే, యాక్సిలరేటర్‌ను కొంచెం కొంచెంగా తొక్కినట్టు నొక్కవచ్చు. కథ నడుస్తూ సాగే ఆటలకు ఇదేదీ అక్కర్లేదు. మన పిల్లల్లో చాలామంది ఆడే బీజీఎంఐ ఫోన్ ఆట, అక్కడ కీబోర్డు ప్రసక్తే లేదు.

టైపింగ్ చేసేవారికి ర్యాపిడ్ ట్రిగ్గర్ మేలు కంటే చేటే ఎక్కువ. కీల మీద వేళ్లు ఆనించి ఆలోచించే అలవాటు అందరికీ ఉంటుంది. యాక్చుయేషన్ 0.1 మిల్లీమీటరుకు పెడితే ఆలోచిస్తుండగానే అక్షరాలు పడిపోతాయి. అయితే మార్చుకోగల యాక్చుయేషన్ పాయింట్ వారికీ ఉపయోగమే. చేయి వణికేవారు, పక్క కీలు పొరపాటున తగిలేవారు దాన్ని 2.5 లేదా 3 మిల్లీమీటర్లకు దించుకుంటే తప్పులు తగ్గుతాయి.

ఆటలోనూ అతి పనికిరాదు. కొలత మరీ చిన్నదైతే, కీని నొక్కిపట్టిన వేలు కాస్త అదిరినా వదిలినట్టు నమోదవుతుంది. పరీక్ష తేలిక. ‘డబ్ల్యూ’ నొక్కిపట్టి తిన్నగా పరిగెత్తండి. పాత్ర మధ్యమధ్యలో తడబడితే కొలత పెంచాలి. మొదట యాక్చుయేషన్ 1.5, ర్యాపిడ్ ట్రిగ్గర్ 0.3 దగ్గర మొదలుపెట్టి, తడబాటు కనిపించేదాకా కొద్దికొద్దిగా తగ్గించి, ఒక మెట్టు వెనక్కి రావడం మంచి పద్ధతి. అది కూడా కదలికకు వాడే నాలుగు కీలకే. మిగతావి 2 దగ్గరే ఉంచితే చాటింగ్‌లో అక్షరాలు తప్పవు. స్విచ్‌లు మారిస్తే క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాలి. అయస్కాంతాల బలం, ధ్రువం ఒక కంపెనీకీ మరో కంపెనీకీ తేడా ఉండొచ్చు కాబట్టి ఏ స్విచ్ అయినా ఏ బోర్డుకైనా సరిపోదు. క్యాలిబ్రేషన్ తప్పిందని తెలుసుకోవడానికి సాఫ్ట్‌వేర్‌లో లోతు చూపే తెర చాలు. వేలు తీశాక కూడా కీ సున్నాకు రాకపోతే తేడా ఉన్నట్టే.

ఈ కీబోర్డుల్లో కనిపించే మరో సౌకర్యంతో దీన్ని కలగలపకూడదు. ఎడమ, కుడి కీలు రెండూ నొక్కి ఉంటే చివర నొక్కినదాన్నే లెక్కలోకి తీసుకుని, ఆగే పనిలో కొంత తానే చేసిపెట్టేది అది. రేజర్ సంస్థ స్నాప్ ట్యాప్ అని పిలిచేది ఇదే. కౌంటర్ స్ట్రైక్ తయారీదారు వాల్వ్ 2024 ఆగస్టులో తన అధికారిక సర్వర్లలో దీన్ని నిషేధించింది. ర్యాపిడ్ ట్రిగ్గర్‌ను మాత్రం నిషేధించలేదు, ఎందుకంటే అక్కడ వేలెత్తేది ఆటగాడే.

ఇంట్లో పిల్లలు ఈ కీబోర్డు కావాలని పట్టుబడితే ముందు మానిటర్ చూడండి. అది 60 హెర్ట్జ్‌ది అయితే కొత్త బొమ్మ రావడానికే దాదాపు 17 మిల్లీసెకన్లు పడుతుంది. 144 హెర్ట్జ్ తెరలో అది 7కు తగ్గుతుంది. డబ్బు ముందు అక్కడ పెట్టడం మేలు. తెర బాగుండి, రోజూ వాలొరెంటో కౌంటర్ స్ట్రైకో ఆడుతూ, ఆగి కాల్చడం చేతికి అలవడినవారికి మాత్రమే మాగ్నెటిక్ కీబోర్డు పెట్టిన డబ్బుకు తగిన పనిచేస్తుంది.